అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ కాదు: నాలుగు కండిషన్లు, బ్యాంకర్స్ లెక్క, ఒక కనెక్షన్ పూల్ కథ

ప్రశ్న: "సార్, ఓఎస్ నోట్స్‌లో డెడ్‌లాక్‌కి నాలుగు కండిషన్లు ఇచ్చారు, ఒక్కటి తీసేసినా డెడ్‌లాక్ రాదన్నారు. మరి బ్యాంకర్స్ అల్గారిథమ్ ఆ నాలుగిట్లో దేన్ని తీసేస్తుంది? ఇంటర్నల్స్‌లో అన్‌సేఫ్ వచ్చింది కాబట్టి డెడ్‌లాక్ అని రాస్తే మార్కులు కోసేశారు, ఎందుకు? అసలు ఇది బయట ఎవరైనా వాడతారా?"

మార్కులు కోయడం న్యాయమే. అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ వచ్చేసిందని కాదు, ఇక దాన్ని ఆపడం మన చేతిలో లేదని. ప్రాసెస్‌ల అదృష్టం బాగుంటే గట్టెక్కుతాయి, లేకపోతే ఇరుక్కుంటాయి. ఇక బ్యాంకర్స్ ఆ నాలుగిట్లో దేన్నీ రూల్ పెట్టి తీసేయదు. మొదటి మూడింటినీ అసలు ముట్టుకోదు. నాలుగోదైన సర్క్యులర్ వెయిట్ ఎప్పటికీ ఏర్పడకుండా, ప్రతి రిక్వెస్ట్ దగ్గరా లెక్క చూసి, అవసరమైతే రిసోర్స్ ఖాళీగా ఉన్నా సరే "ఇప్పుడు కాదు ఆగు" అంటుంది. నోట్స్‌లో ప్రివెన్షన్, అవాయిడెన్స్ అని రెండు వేరు హెడింగులు ఉండేది ఇందుకే. మూడో ప్రశ్నకి జవాబు "ఉన్నది ఉన్నట్టుగా దాదాపు ఎవరూ వాడరు". కానీ దాని వెనకున్న లెక్క నన్ను ఒకసారి ఉద్యోగంలో ఆదుకుంది, అది చివర్లో చెప్తాను.

ముందు ఆ నాలుగు కండిషన్ల సంగతి. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అనే ముగ్గురు రాసిన పేపర్ నుంచి వచ్చాయి ఇవి, అందుకే కొన్ని పుస్తకాల్లో కాఫ్‌మన్ కండిషన్స్ అని ఉంటుంది. నేను క్లాసు చెప్పిన రోజుల్లో వీటికి బావి దగ్గర ఇద్దరి కథ చెప్పేవాణ్ణి. ఒకరి చేతిలో తాడుంది, ఇంకొకరి చేతిలో బొక్కెన ఉంది. నీళ్లు తోడాలంటే రెండూ కావాలి. తాడు ఒకేసారి ఇద్దరు వాడలేరు, అది మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. తాడు పట్టుకున్నాయన దాన్ని వదలకుండానే బొక్కెన కోసం నిలబడ్డాడు, అది హోల్డ్ అండ్ వెయిట్. ఎవరి చేతిలోదీ ఎవరూ లాక్కోరు, అది నో ప్రీఎంప్షన్. ఆయన ఈమె కోసం, ఈమె ఆయన కోసం చూస్తున్నారు, అది సర్క్యులర్ వెయిట్. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరి తప్పూ లేదు, సాయంత్రమైనా బిందె నిండదు.

ఇందులో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మొదటి మూడూ సిస్టమ్ స్వభావం గురించి, అవి రోజంతా ఉంటాయి. మీ ఫోన్లో ఈ క్షణంలో కూడా మూడూ ఉన్నాయి, డెడ్‌లాక్ మాత్రం లేదు. నాలుగోది ఒక క్షణంలో ఏర్పడే సంఘటన. అంటే మొదటి మూడూ ఎండుగడ్డి లాంటివి, నాలుగోది నిప్పురవ్వ. నాలుగింటినీ ఒకే వరసలో పెట్టి బట్టీ పడితే ఈ తేడా కనపడదు, బ్యాంకర్స్ ఏం చేస్తోందో కూడా అర్థం కాదు.

ప్రివెన్షన్ అంటే నాలుగిట్లో ఒకదాన్ని ముందే, రూల్ రూపంలో, శాశ్వతంగా చెరిపేయడం. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్‌ని తీసేయడం చాలాసార్లు కుదరదు, ఒక అకౌంట్ బ్యాలెన్స్‌ని ఇద్దరు ఒకేసారి మారిస్తే డబ్బే తప్పుతుంది. నో ప్రీఎంప్షన్‌ని సీపీయూ, మెమరీ విషయంలో తీసేయొచ్చు, వాటి స్థితిని దాచిపెట్టి తర్వాత తిరిగి ఇవ్వొచ్చు కాబట్టి. సగం ప్రింటైన కాగితాన్ని అలా లాక్కోలేం. డేటాబేస్‌లు మాత్రం ఇక్కడ తెలివిగా ఉంటాయి. ట్రాన్సాక్షన్‌ని రోల్‌బ్యాక్ చేయగలవు కాబట్టి చక్రం కనపడగానే అందులో ఒకదాన్ని బలిచ్చి దాని లాక్‌లు లాక్కుంటాయి. అది డిటెక్షన్, రికవరీ కిందకి వస్తుంది.

పనికొచ్చే రూల్ నాలుగోదాని మీద పెట్టేదే. రిసోర్స్‌లన్నింటికీ నంబర్లు ఇచ్చి, ఎవరైనా సరే చిన్న నంబర్ నుంచి పెద్ద నంబర్‌కే లాక్ చేయాలని నియమం. ఉదాహరణకి డబ్బు బదిలీ చేసే కోడ్ చాలామంది మొదట ఇలా రాస్తారు:

```
transfer(from, to):
    lock(from)
    lock(to)
```

101 నుంచి 205కి ఒకరు, 205 నుంచి 101కి ఇంకొకరు ఒకే క్షణంలో పంపితే ఇద్దరికీ మొదటి లాక్ దొరుకుతుంది, రెండోది ఎవరికీ దొరకదు. దీనికి మందు రెండు లైన్లు:

```
first  = min(from, to)
second = max(from, to)
lock(first)
lock(second)
```

ఇప్పుడు ఇద్దరూ ముందు 101 దగ్గరికే వస్తారు. ఒకరికి దొరుకుతుంది, రెండోవాళ్లు చేతిలో ఏమీ లేకుండా ఆగుతారు. చక్రం ఎందుకు రాదో రుజువు కూడా చిన్నదే. చక్రం ఉందనుకుందాం. అందులో ప్రతి ఒక్కరూ తన దగ్గరున్నదానికంటే పెద్ద నంబర్ కోసమే ఆగాలి, అలా చుట్టూ తిరిగి మొదటికి వచ్చేసరికి ఒక నంబర్ తనకంటే తానే పెద్దదవ్వాలి, అది జరగదు. `from`, `to` ఒకటే అయితే కథ వేరు, తన లాక్ కోసం తనే ఆగే ఒంటరి డెడ్‌లాక్ అవుతుంది, ఆ చెక్ ముందే పెట్టుకోవాలి (నేను ఒకసారి మర్చిపోయాను, టెస్టింగ్‌లో ఎవరో తనకి తనే ఒక రూపాయి పంపుకున్నారు).

పెద్ద కోడ్‌లో ఈ వరసని ఎవరో ఒకరు తప్పుతారు. ఒక లాక్ పట్టుకుని మీరు పిలిచిన ఫంక్షన్ లోపల ఇంకో లాక్ ఉంటుంది, అది మీకు తెలియదు. లినక్స్ కెర్నల్‌లో దీనికోసమే lockdep అని ఒక చెకర్ ఉంది. లాక్‌లు ఏ వరసలో పడుతున్నాయో రాసుకుంటూ పోతుంది. ఎక్కడో వరస తిరగబడితే, నిజంగా డెడ్‌లాక్ రాకపోయినా సరే, `possible circular locking dependency detected` అని లాగ్‌లో వేస్తుంది. possible అన్న మాటని గుర్తుపెట్టుకోండి, మీ మార్కులు పోయింది ఇలాంటి తేడా దగ్గరే.

ఇప్పుడు మీ నోట్స్‌లో ఉండే రిసోర్స్ అలొకేషన్ గ్రాఫ్. ప్రతి రిసోర్స్‌కీ ఒక్కటే యూనిట్ ఉంటే గ్రాఫ్‌లో చక్రం కనపడితే డెడ్‌లాకే, అనుమానం లేదు. ఒక్కో రిసోర్స్‌కీ ఎక్కువ యూనిట్లుంటే చక్రం ఉన్నా డెడ్‌లాక్ ఉండకపోవచ్చు. R1కి రెండు యూనిట్లు, ఒకటి P1 దగ్గర, ఒకటి P3 దగ్గర. R2కి ఒకటే యూనిట్, P2 దగ్గర. P1 వచ్చి R2 అడిగింది, P2 వచ్చి R1 అడిగింది. P1, R2, P2, R1, మళ్లీ P1: చక్రం పూర్తి. కానీ P3 ఎవరి కోసమూ ఆగలేదు. దాని పని అవగానే R1 యూనిట్ వదులుతుంది, అది P2కి దొరుకుతుంది, P2 పూర్తయితే R2 వస్తుంది, P1 కూడా అయిపోతుంది. బొమ్మలో చక్రం చూడగానే డెడ్‌లాక్ అని రాసేవాళ్లు ఇక్కడ పడతారు. ఎక్కువ యూనిట్లున్నప్పుడు బొమ్మ చాలదు, లెక్క వేయాలి.

ఆ లెక్కే బ్యాంకర్స్. ఐడియా డైక్‌స్ట్రాది, 1960ల మధ్యలో ఒకే రకం రిసోర్స్‌కి చెప్పాడు. 1969లో హేబర్‌మన్ దాన్ని చాలా రకాల రిసోర్స్‌లకి విస్తరించాడు. మీరు పరీక్షలో చేసే మ్యాట్రిక్స్ ఈ రెండోది. పేరెందుకంటే, ఒక బ్యాంకు చాలామందికి ఇంటి లోను మంజూరు చేసిందనుకోండి, ఒక్కొక్కరికీ ఇంత వరకు అని లిమిట్ ఉంది, డబ్బు విడతలవారీగా ఇస్తుంది. సగం కట్టిన ఇల్లు ఎవరికీ అద్దెకి పోదు, కాబట్టి ఇల్లు పూర్తయితేనే బాకీ తిరిగొస్తుంది. ఉన్న డబ్బంతా అందరికీ తలా కాస్త ఇచ్చేస్తే అన్ని ఇళ్లూ పునాదుల దగ్గరే ఆగిపోతాయి. అందుకని బ్యాంకు ఏ విడత ఇచ్చే ముందైనా ఒకటే చూసుకోవాలి: ఇది ఇచ్చాక కూడా కనీసం ఒక ఇల్లు పూర్తి చేయించడానికి డబ్బు మిగులుతుందా, అది తిరిగొస్తే రెండో ఇల్లు పూర్తవుతుందా, అలా అందరివీ అవుతాయా?

నేనే వేసిన చిన్న ఉదాహరణ ఇస్తాను, కాగితం మీద నాతో పాటు వేయండి. A అంటే డిస్క్ డ్రైవ్‌లు, మొత్తం 9. B అంటే ప్రింటర్లు, మొత్తం 6. మూడు ప్రాసెస్‌లు.

```
      Allocation    Max      Need
       A   B       A   B     A   B
P1     2   1       6   3     4   2
P2     3   2       4   4     1   2
P3     1   1       7   4     6   3

Total = (9, 6)   Available = (3, 2)
```

`Need = Max - Allocation`, ఇంతకంటే ఏమీ లేదు. Available అంటే మొత్తంలోంచి పంచినవన్నీ తీసేయగా మిగిలింది: A లో 9 నుంచి 6 పోగా 3, B లో 6 నుంచి 4 పోగా 2.

ఇది సేఫేనా, అంటే అందరూ పూర్తయ్యే వరస ఒకటైనా ఉందా? చేతిలో (3, 2) ఉంది. P1కి (4, 2) కావాలి, A చాలదు. P2కి (1, 2) కావాలి, సరిపోతుంది. P2కి ఇచ్చేసి అది పూర్తయిందనుకుంటే తన దగ్గర ముందునుంచీ ఉన్న (3, 2) కూడా మనకొస్తుంది, చేతిలో (6, 4) అవుతుంది. ఇప్పుడు P1కి (4, 2) ఇవ్వొచ్చు, అది పూర్తయ్యాక (8, 5). P3కి (6, 3) ఇవ్వొచ్చు, అదీ అయ్యాక (9, 6). అందరూ పూర్తయ్యారు, సేఫ్. వరస P2, P1, P3.

ఇక్కడ రెండు మాటలు. పూర్తయిన ప్రాసెస్ దగ్గర్నుంచి కలుపుకోవాల్సింది దాని Allocation, Max కాదు. మనం ఇచ్చిన Need మన దగ్గర్నుంచే వెళ్లి మన దగ్గరికే వచ్చింది కాబట్టి నికరంగా పెరిగేది Allocation మాత్రమే. చాలామంది Max కలిపేసి చివర్లో మొత్తం కంటే ఎక్కువ తెచ్చుకుంటారు. చివరి అంకె Total తో సరిపోకపోతే ఎక్కడో తప్పారని అర్థం, ఇది ఫ్రీగా దొరికే చెకింగ్. రెండోది, P2 తర్వాత P3ని ముందు పెట్టి P2, P3, P1 అని రాసినా కరెక్టే. చేతిలో (6, 4) ఉంది, P3కి (6, 3) చాలు కదా. పక్కవాడి వరస వేరుగా వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు. ఏ దశలోనైనా కుదిరినవాళ్లలో ఎవరిని ఎంచుకున్నా ఫర్వాలేదు, వెనక్కొచ్చి ఇంకో దారి ప్రయత్నించే పని ఉండదు, ఎందుకంటే ప్రతి అడుగులోనూ చేతిలో ఉన్నది పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇప్పుడు అసలు రిక్వెస్ట్. P1 వచ్చి (1, 1) అడిగింది. అంటే ఒక డిస్కు, ఒక ప్రింటరు. ఖాళీగా (3, 2) ఉన్నాయి, మామూలు సిస్టమైతే కళ్లు మూసుకుని ఇచ్చేస్తుంది. బ్యాంకర్ మాత్రం ఇచ్చినట్టు ఊహించుకుని లెక్క వేస్తుంది:

```
      Allocation    Need
       A   B       A   B
P1     3   2       3   1
P2     3   2       1   2
P3     1   1       6   3

Available = (2, 1)
```

P1కి 3 డిస్కులు కావాలి, 2 ఉన్నాయి, కుదరదు. P2కి 2 ప్రింటర్లు కావాలి, ఒకటే ఉంది, కుదరదు. P3 సంగతి చెప్పనక్కర్లేదు. గరిష్ఠంగా అడిగితే ఒక్కరైనా పూర్తవుతారని మనం హామీ ఇవ్వలేం. అన్‌సేఫ్. కాబట్టి బ్యాంకర్ P1ని ఆపుతుంది, 3 డిస్కులూ 2 ప్రింటర్లూ ఖాళీగా పడున్నా సరే.

అదే P1 (1, 0) మాత్రమే అడిగిందనుకోండి. Available (2, 2) అవుతుంది. P2కి (1, 2) సరిపోతుంది, అది అయ్యాక (5, 4), P1కి మిగిలిన (3, 2) ఇస్తే (8, 5), తర్వాత P3, (9, 6). సేఫ్, ఇచ్చేయొచ్చు. రెండింటికీ తేడా ఒక్క ప్రింటరు. P2 పూర్తవ్వాలంటే ఆ రెండు ప్రింటర్లూ దానికోసం మిగలాలి, ఈ మొత్తం కథకి తాళం P2 దగ్గరుంది. లెక్క వేసేటప్పుడు సేఫ్, అన్‌సేఫ్ అని తేల్చేసి వదిలేయకుండా "ఎవరు పూర్తయితే దారి తెరుచుకుంటుంది" అని చూస్తే సబ్జెక్ట్ బుర్రకెక్కుతుంది.

ఇప్పుడు మీరు రాసిన తప్పు దగ్గరికి వద్దాం. (1, 1) ఇచ్చేశాం, అన్‌సేఫ్‌లో ఉన్నాం. ఈ క్షణంలో డెడ్‌లాక్ ఉందా? లేదు. ఎవరూ ఎవరి కోసమూ ఆగట్లేదు, ముగ్గురూ నడుస్తున్నారు. Need అంటే ఇంకా అడగగలిగినంత, అడిగి తీరాల్సినంత కాదు. P2 ముందు నాలుగు ప్రింటర్లు కావాలని రాసింది కానీ నిజంగా మూడుతోనే పని అయిపోయిందనుకోండి. అప్పుడు (1, 1) అడుగుతుంది, ఉన్న (2, 1) లోంచి ఇస్తాం, పూర్తయి (4, 3) వదులుతుంది, చేతిలోకి (5, 3) వస్తుంది. P1కి (3, 1) ఇచ్చేయొచ్చు, తర్వాత P3కీ సరిపోతుంది. గట్టెక్కాం. లేదా P1 మధ్యలో ఒక ప్రింటర్‌తో పనైపోయి దాన్ని ముందే వదిలేయొచ్చు, అప్పుడు P2కి రెండూ దొరుకుతాయి.

అదే P1 (3, 1), P2 (1, 2), P3 (6, 3) పూర్తిగా అడిగితే ముగ్గురూ ఆగిపోతారు, ఎవరూ ఏదీ వదలరు, ఇప్పుడు డెడ్‌లాక్. అంటే ఒకే అన్‌సేఫ్ స్టేట్ నుంచి రెండు భవిష్యత్తులు. అందుకే పరీక్షలో "అన్‌సేఫ్ స్టేట్, డెడ్‌లాక్‌కి దారితీయవచ్చు, రిక్వెస్ట్ తిరస్కరిస్తాం, P1 వెయిట్ చేస్తుంది" అని రాయండి. డెడ్‌లాక్ ఉందో లేదో అడిగితే అది డిటెక్షన్ అల్గారిథమ్, అక్కడ Need బదులు Request మ్యాట్రిక్స్, అంటే ఇప్పుడు అడిగి ఆగి ఉన్నవి మాత్రమే, ఇస్తారు. టేబుల్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది, హెడింగ్ చదవకుండా మొదలుపెడితే అయిపోయినట్టే.

బయట ఎందుకు వాడరు అంటే, పై టేబుల్‌లో Max అనే గడి చూడండి. ప్రతి ప్రాసెస్ తనకి జన్మలో ఎన్ని కావాలో ముందే చెప్పాలి. మీ బ్రౌజర్‌ని తెరిచేటప్పుడు "ఈరోజు నువ్వు ఎన్ని ఫైళ్లు, ఎన్ని లాక్‌లు వాడతావు" అని అడిగితే ఏం చెప్తుంది? పైగా ప్రాసెస్‌లు వస్తూ పోతూ ఉంటాయి, ఉన్న రిసోర్స్ చెడిపోవచ్చు, ప్రతి రిక్వెస్ట్‌కీ ఈ లెక్కంతా మళ్లీ వేయాలి. అందుకే లినక్స్ గానీ విండోస్ గానీ మీ ప్రోగ్రామ్‌ల లాక్‌ల విషయంలో ఈ లెక్క వేయవు. రెండు థ్రెడ్‌లు ఇరుక్కుంటే అలా వదిలేస్తాయి, మీరు ప్రోగ్రామ్‌ని చంపుకోవాలి.

కానీ Max ముందే తెలిసే చోట్లు ఉన్నాయి. నా కేసు అలాంటిదే. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక జావా సర్వీస్, వెనకాల పోస్ట్‌గ్రెస్, మధ్యలో డేటాబేస్ కనెక్షన్లని ముందే తెరిచి పెట్టుకుని అడిగినవాళ్లకి అరువిచ్చే హికారీ కనెక్షన్ పూల్, సైజు డిఫాల్ట్‌గా 10. మామూలు రోజుల్లో హాయిగా నడిచేది. రద్దీ పెరిగిన రోజున మాత్రం ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయేవి, అర నిమిషం తర్వాత ఎర్రర్ల వాన, మళ్లీ కాసేపు బాగుండేది. లాగ్‌లో ఇది:

```
Connection is not available, request timed out after 30000ms
```

అందరం డేటాబేస్ స్లో అనుకున్నాం. కానీ డేటాబేస్ సీపీయూ దాదాపు సున్నా. స్లో అయితే సీపీయూనో డిస్కో ఏదో ఒకటి కష్టపడుతూ కనపడాలి, అంతా నిశ్శబ్దంగా ఉండి పని ముందుకెళ్లకపోతే డెడ్‌లాక్‌ని అనుమానించాలి. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే `pg_stat_activity` చూస్తే పదికి పది కనెక్షన్లూ `idle in transaction`, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్నాయి. పోస్ట్‌గ్రెస్‌కి సొంత డెడ్‌లాక్ డిటెక్టర్ ఉంది, అదేమీ అనలేదు, ఎందుకంటే డేటాబేస్ లోపల ఎవరూ ఏ లాక్ కోసమూ ఆగట్లేదు. జావా థ్రెడ్‌లు ఎక్కడ ఆగాయో చూపించే `jstack` తీస్తే అదీ డెడ్‌లాక్ అని చెప్పలేదు. అది ఏ థ్రెడ్ దగ్గర ఏ లాక్ ఉందో తెలిసిన చోటే చక్రం పట్టుకోగలదు, పూల్‌లోని కనెక్షన్ దాని దృష్టిలో లాక్ కాదు. థ్రెడ్‌లన్నీ మాత్రం ఒకే లైన్ దగ్గర, `getConnection` దగ్గర, నిలబడి ఉన్నాయి.

ఆ స్టాక్‌ని కింది నుంచి పైకి చదివితే సంగతి బయటపడింది. ఆర్డర్ సేవ్ చేసే ఫంక్షన్ ఒక కనెక్షన్ తీసుకుని ట్రాన్సాక్షన్ మొదలుపెడుతుంది. అది వదలకుండానే, మధ్యలో ఆడిట్ లాగ్ రాసే ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆర్డర్ ఫెయిలైనా లాగ్ ఉండాలని ఎవరో దానికి `REQUIRES_NEW` పెట్టారు, అంటే వేరే ట్రాన్సాక్షన్, అంటే అదే పూల్ నుంచి రెండో కనెక్షన్. పది రిక్వెస్ట్‌లు ఒకేసారి వస్తే పదీ మొదటి కనెక్షన్ తీసుకుని, పదీ రెండోదాని కోసం చేతులు చాచాయి. పూల్ ఖాళీ. బావి దగ్గరి కథే, కాకపోతే పది మంది, పది బొక్కెనలు, ఒక్కొక్కరికీ రెండు కావాలి. ముప్పై సెకన్లకి టైమౌట్ కొట్టి ఎక్సెప్షన్ వస్తే రోల్‌బ్యాక్ అయి కనెక్షన్లు వెనక్కి వెళ్లేవి, అందుకే తనంతట తనే బాగైనట్టు అనిపించి మమ్మల్ని ఇన్నాళ్లు మభ్యపెట్టింది.

ఇక్కడ నంబర్ల వరస రూల్ పనికిరాదు. కనెక్షన్లన్నీ ఒకే రకం, 'ముందు చిన్నది' అనడానికి చిన్నా పెద్దా లేవు. బ్యాంకర్ లెక్కే దిక్కు, అదీ సులభమైన రూపంలో, ఎందుకంటే ప్రతి థ్రెడ్‌కీ Max తెలుసు: 2. n థ్రెడ్‌లు, ఒక్కొక్కదానికీ గరిష్ఠంగా k కావాలి. అత్యంత చెడ్డ పరిస్థితి ఏమిటి? అందరి దగ్గరా k−1 ఉండి, అందరికీ ఇంకొక్కటే తక్కువవడం. అప్పుడు పూల్‌లో ఒక్కటి అదనంగా ఉన్నా అది ఎవరో ఒకరికి దొరికి, వాళ్లు పూర్తయి తమవన్నీ వదిలేస్తారు, దారి తెరుచుకుంటుంది. కాబట్టి:

```
pool >= n * (k - 1) + 1
```

ఇది గేట్ పరీక్షకి చదివేవాళ్లందరికీ తెలిసిన లెక్కే, హికారీ వాళ్లు పూల్ సైజు గురించి రాసిన పేజీలోనూ ఇదే ఫార్ములా ఉంది. 10 థ్రెడ్‌లు, k = 2 అయితే 11 కనెక్షన్లు చాలు, ఒక్కటి పెంచితే డెడ్‌లాక్ మాయం. ఈ సంఖ్య డెడ్‌లాక్ రాకుండా ఉండటానికే, వేగానికి కాదు. మా దగ్గర థ్రెడ్‌లు 10 కాదు, వెబ్ సర్వర్ డిఫాల్ట్ 200. అంటే 201 కనెక్షన్లు కావాలి, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ లిమిట్టే 100. పూల్‌ని 10 నుంచి 20 చేద్దామని మొదట ఒకాయన అన్నాడు, దానివల్ల కథ ఇరవై మందితో రిపీట్ అవుతుంది, కాస్త అరుదుగా. అరుదుగా వచ్చే డెడ్‌లాక్ ఇంకా చిరాకు.

చివరికి హోల్డ్ అండ్ వెయిట్‌నే తీసేశాం. ఆడిట్ రాతని ట్రాన్సాక్షన్ మధ్యలోంచి బయటికి తెచ్చి, కమిట్‌గానీ రోల్‌బ్యాక్‌గానీ అయి మొదటి కనెక్షన్ పూల్‌కి తిరిగి వెళ్లాక రాసేలా మార్చాం. k 1 అయింది, ఫార్ములాలో పెడితే పూల్ సైజు 1 ఉన్నా ఇరుక్కోదు, నెమ్మదిగా నడుస్తుంది అంతే. దీనికి మేం చెల్లించిన ధర కూడా ఉంది: కమిట్ అయ్యాక లాగ్ రాసేలోపు సర్వర్ పడిపోతే ఆ ఒక్క లాగ్ పోతుంది. మాకు అది ఫర్వాలేదు, ఆడిట్ తప్పనిసరైన చోట ఆడిట్‌కి విడిగా ఇంకో చిన్న పూల్ పెట్టుకోవాలి. అప్పుడు రెండు రకాల రిసోర్స్‌లు, వాటికి వరస ఉంటుంది (ముందు మెయిన్ పూల్, తర్వాత ఆడిట్ పూల్, ఆడిట్ చేతిలో పెట్టుకుని మెయిన్ అడగకూడదు), పైన చెప్పిన నంబర్ల రూల్ మళ్లీ పనిచేస్తుంది.

మీరు కూడా చేసి చూడాలంటే పూల్ సైజు 2 పెట్టి, రెండు థ్రెడ్‌ల నుంచి ఇలా ఒకదానిలో ఒకటి రెండు కనెక్షన్లు అడిగే కోడ్ రాయండి. మొదటి కనెక్షన్ దొరికాక ఒక సెకను స్లీప్ పెడితే ప్రతిసారీ ఇరుక్కుంటుంది. స్లీప్ తీసేస్తే చాలాసార్లు ఏమీ కాదు, రెండో థ్రెడ్ వచ్చేలోపే మొదటిది పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత స్లీప్ అలాగే ఉంచి పూల్‌ని 3 చేసి రన్ చేయండి.